పిక్క పట్టేసింది, తప్పు ఉప్పుదేనా?

పోయిన నెలలో ఒక ఆదివారం బ్యాడ్మింటన్ డబుల్స్ టోర్నమెంటులో ఆ రోజుకు మూడో మ్యాచు ఆడుతున్నాను. మూడో గేములో 16-14 దగ్గర వెనక్కి పరుగెత్తి, ఎగిరి స్మాష్ కొట్టి కిందికి దిగగానే కుడి పిక్కను లోపలి నుంచి ఎవరో పిడికిట్లో బిగించినట్టయింది. చూస్తూండగానే చర్మం కింద కోడిగుడ్డంత గడ్డ లేచింది, పాదం నా మాట వినకుండా దానంతటదే కిందికి వంగిపోయింది. కోర్టులోనే కూలబడ్డాను. చుట్టూ నలుగురు చేరారు. ఒకరు నీళ్ళ సీసా తెచ్చారు, ఇంకొకరు అరటిపండు ఒలవడం మొదలుపెట్టారు. మా జట్టులోని పెద్దాయన "ఒంట్లో ఉప్పు తగ్గిందయ్యా, ముందు ఉప్పునీళ్ళు పట్టించండి" అన్నారు. ఈలోగా అవతలి జట్టులో ఆడుతున్న కుర్రాడొకడు వల కింద నుంచి ఇవతలికి వచ్చి, ఒక్క మాటైనా అనకుండా నా మడమను ఒక చేత్తో పట్టుకుని, మోకాలు వంగకుండా చూసుకుంటూ, పాదం ముందు భాగాన్ని నా ముఖం వైపుకు మెల్లగా నెట్టాడు. అర నిమిషం నిండకముందే గడ్డ కరిగిపోయింది. అప్పటికి నీళ్ళ సీసా మూత ఇంకా తీయనే లేదు.

ఆ మూత తీయని సీసా నన్ను చాలా రోజులు వదల్లేదు. ఉప్పు తగ్గడం వల్లే కండరం పట్టేసిందనుకుంటే, ఒక్క గుక్క కూడా లోపలికి పోకముందే అది ఎలా వదిలింది? పైగా ఉప్పు తగ్గేది రక్తంలో. ఆ రక్తం ఒళ్ళంతా తిరుగుతుంది. అలాంటప్పుడు రోజంతా రాకెట్టు పట్టిన చేయిని, ఎడమ కాలిని, నడుమును వదిలేసి, ఎగిరి దిగే కుడి పిక్క ఒక్కటే ఎందుకు బిగుసుకుంది? దొరికినంత మేరకు చదివి, నన్ను నేను కాస్త కొలుచుకుని, చివరికి నేనొక అభిప్రాయానికి వచ్చాను. మాలాంటి ఔత్సాహికుల మ్యాచుల్లో పట్టే కండరాల్లో ఎక్కువ భాగానికి కారణం అలసట, అందులోనూ కండరాన్ని నడిపే నరాల అదుపు అలసటలో తప్పడం. ఉప్పుకు ఇందులో పాత్ర ఉంది కానీ అది మనం అనుకునేదానికంటే చాలా ఇరుకైనది. ఈ అభిప్రాయానికి ఎదురు నిలిచే సంగతులు కూడా ఉన్నాయి, వాటినీ దాచకుండా చెబుతాను.

ఉప్పు మాట ఎక్కడి నుంచి వచ్చింది

ఉప్పు సిద్ధాంతాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయడం అన్యాయం. 1920లలో బ్రిటన్ బొగ్గుగనుల్లో, 1930లలో అమెరికాలోని హూవర్ ఆనకట్ట పనుల్లో, విపరీతమైన వేడిలో గంటల తరబడి పనిచేసిన కార్మికులు కాళ్ళూ చేతులూ పొట్టా కొంకర్లు పోయి పడిపోయేవారు. వారిని పరిశీలించిన వైద్యులకు తేలింది ఏమిటంటే, వారు చెమటను ధారలుగా పోగొట్టుకుంటూ దాని స్థానంలో ఉత్త నీళ్ళు కడుపునిండా తాగుతున్నారు. ఆ నీళ్ళలో కొంచెం ఉప్పు కలిపితే బాధ తగ్గింది. మైదానాల పక్కన ఈ రోజుకీ వినిపించే సలహాకు మూలం ఇదే. అయితే ఆ కార్మికులది రోజంతా, రోజుల తరబడి సాగిన చెమట, మాది రెండున్నర గంటల ఆట. ఈ తేడాను దారిలో ఎక్కడో మరచిపోయినట్టున్నాం.

ఆటగాళ్ళను నేరుగా కొలిచినప్పుడు కథ మారింది. దక్షిణాఫ్రికాకు చెందిన క్రీడావైద్యుడు మార్టిన్ ష్వెల్నస్ బృందం 56 కిలోమీటర్ల పరుగుపందెంలో కండరాలు పట్టేసినవారినీ పట్టనివారినీ పక్కపక్కన పెట్టి చూసి, ఆ ఫలితాలను 2004లో ప్రచురించింది. శరీరపు బరువు ఎంత తగ్గిందన్న దానిలో రెండు గుంపులకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. పట్టేసినవారి రక్తంలో సోడియం కొద్దిగా తక్కువ ఉన్నా అది చికిత్స అవసరమయ్యేంత తేడా కాదు. ఇదే బృందం 2011లో, ఈత, సైకిలు, పరుగు ఒకే రోజు సాగే ఐరన్‌మ్యాన్ ట్రయాథ్లాన్ ఆటగాళ్ళ మీద ప్రచురించిన అధ్యయనంలో, కండరాలు పట్టేసినవారిలో ప్రత్యేకంగా కనిపించినవి రెండు. వారు మిగతావారికంటే వేగంగా పోటీపడ్డారు, వారికి ఇంతకుముందు కూడా కండరాలు పట్టిన చరిత్ర ఉంది. నీటి లోటూ లవణాల లోటూ ఆ జాబితాలో చేరలేదు.

అలసిన పిక్కలో జరిగేది

ష్వెల్నస్ 1997లో ముందుకు తెచ్చిన వివరణ నా పిక్కకు సరిగ్గా అతికినట్టు ఉంటుంది. కండరంలో రెండు రకాల కాపలాదారులు ఉంటారు. ఒకటి కండరం పీచుల మధ్య ఉండే మజిల్ స్పిండిల్. కండరం సాగినప్పుడు అది వెన్నుపాముకు కబురు పంపి "బిగించు" అని తొందరపెడుతుంది. రెండోది కండరం ఎముకకు అంటుకునే టెండన్ దగ్గర ఉండే గోల్జీ గ్రాహకం; లాగుడు ఎక్కువైనప్పుడు అది "చాలు, వదులు" అని చెబుతుంది. ఈ రెండు మాటలూ బరువు తూగుతున్నంతసేపు కండరం చెప్పినట్టు వింటుంది. కండరం బాగా అలసినప్పుడు మొదటి కాపలాదారు గొంతు పెరుగుతుంది, రెండోవాడి గొంతు తగ్గుతుంది. అప్పుడు వెన్నుపాములోని నరకణాలు ఆపకుండా "బిగించు" అనే సంకేతాన్నే పంపుతూ పోతాయి.

దీనికి ఒక మెలిక తోడవుతుంది. కండరం ఇప్పటికే పొట్టిగా ముడుచుకుని ఉన్న స్థితిలో దాన్ని ఇంకా బిగిస్తే టెండన్ మీద లాగుడు ఉండదు, కాబట్టి "వదులు" అనే గొంతు మరీ మూగబోతుంది. పిక్కలోని పై కండరం మోకాలినీ చీలమండనూ రెండింటినీ దాటిపోతుంది. మోకాలు కాస్త వంచి, మునివేళ్ళ మీద లేచి ఉన్నప్పుడు అది రెండు వైపుల నుంచీ పొట్టి అవుతుంది. బ్యాడ్మింటన్ ఆడేవాడు ఆటంతా ఉండేది ఆ భంగిమలోనే. తొడ వెనుక కండరానిదీ దాదాపు ఇదే పరిస్థితి. అది తుంటినీ మోకాలినీ దాటుతుంది. ఫుట్‌బాల్‌లో, టెన్నిస్‌లో, క్రికెట్‌లో ఎక్కువగా పట్టేసేవి ఈ రెండు చోట్లే కావడం నాకు కాకతాళీయంగా అనిపించదు.

పాదాన్ని నెట్టిన కుర్రాడు చేసింది కూడా ఇదే లెక్కలో అర్థమవుతుంది. అతడు పిక్కను సాగదీసి టెండన్ మీద లాగుడు పెంచాడు, మూగబోయిన గోల్జీ గ్రాహకం మళ్ళీ నోరు విప్పింది.

ఇక్కడ నా వాదనకు నేనే ఒక అడ్డు పుల్ల వేసుకోవాలి. సాగదీస్తే వదిలింది కాబట్టి కారణం నరాల్లోనే ఉందని తేల్చడం తర్కానికి నిలవదు. నీళ్ళు పోస్తే మంట ఆరింది కాబట్టి నీళ్ళు లేకపోవడం వల్లే మంట పుట్టిందని ఎవరూ అనరు కదా. కండరాన్ని బిగించే సంకేతం ఏ కారణంతో మొదలైనా, సాగదీత దాన్ని ఆపగలదు. పైగా రక్తంలో సోడియం మామూలుగా ఉన్నా, నరం కండరాన్ని తాకే చోట చుట్టూ ఉన్న ద్రవం పలచబడిందో చిక్కబడిందో రక్తపరీక్ష చెప్పలేదు. ఈ రెండు అభ్యంతరాలూ బలమైనవే. అందుకే నేను మూత తీయని సీసాను సాక్ష్యంగా వాడడం మానేసి, నా చెమటనే లెక్కవేయాలనుకున్నాను.

ఒక సాయంత్రపు లెక్క

మరుసటి వారం దాదాపు అంతే వేడిలో, అంతే జోరుగా రెండున్నర గంటలు ఆడాను. ఆటకు ముందు లోదుస్తులతో నా బరువు 71.4 కిలోలు, ఆట అయ్యాక ఒళ్ళు తుడుచుకుని చూస్తే 69.9. మధ్యలో 1.5 లీటర్ల ఉత్త నీళ్ళు తాగాను, మూత్రానికి వెళ్ళలేదు. తగ్గిన బరువుకు తాగిన నీళ్ళు కలిపితే మూడు లీటర్ల చెమట, అంటే గంటకు 1.2 లీటర్లు. చెమటలో సోడియం మనిషిని బట్టి లీటరుకు సుమారు అర గ్రాము నుంచి రెండు గ్రాముల వరకు ఉంటుంది. నాది లీటరుకు ఒక గ్రాము అనుకుందాం. మొత్తం మూడు గ్రాముల సోడియం పోయింది, ఉప్పు రూపంలో చూస్తే ఏడున్నర గ్రాములు, చెంచాకు మించి. చూడడానికి ఎక్కువే.

కానీ అసలు ప్రశ్న ఎంత పోయిందన్నది కాదు, మిగిలిన ద్రవం పలచబడిందా అన్నది. రక్తంలోని నీటి భాగంలో లీటరుకు మూడు గ్రాములకు పైగా సోడియం ఉంటుంది. చెమట దానికంటే ఎప్పుడూ పలచనే. కాబట్టి చెమట పడుతున్నకొద్దీ, మనం అనుకునేదానికి భిన్నంగా, రక్తం కాస్త ఉప్పగా మారుతుంది. నా శరీరంలో సుమారు 42 లీటర్ల నీరు ఉంటుందని పెట్టుకుని కట్టిన ఉజ్జాయింపు లెక్క ప్రకారం, రక్తపరీక్ష కాగితంలో 140 అని కనిపించే సోడియం ఆట ముగిసేసరికి 142 దగ్గర ఉండాలి. పోయిన మూడు లీటర్లనూ ఉత్త నీళ్ళతో పూర్తిగా నింపుకున్నా 137కు దిగుతుందంతే. 135 నుంచి 145 వరకు మామూలే. ఇలాంటి మ్యాచులో నా పిక్కను ఉప్పు లోటు పట్టేసిందని నమ్మడం ఈ లెక్క తరువాత నాకు కష్టమైంది.

ఇదే లెక్కను ఇంకొకరికి కట్టి చూడండి. గంటకు రెండు లీటర్ల చెమట పట్టేవాడు, చెమటలో లీటరుకు ఒకటిన్నర గ్రాముల సోడియం పోయేవాడు, నాలుగు గంటల టెన్నిస్ మ్యాచు ఆడుతూ ఆరు లీటర్ల ఉత్త నీళ్ళు తాగితే, నా ఒళ్ళంత ఒళ్ళే ఉన్నా అతడి సోడియం 134కు పడిపోతుంది. అతడి టోపీ మీద, చొక్కా మీద తెల్లని ఉప్పు చారలు కడతాయి. అతడికి ఒక్క పిక్కతో ఆగకుండా తొడలూ పొట్టా వేళ్ళూ ఒకదాని తరువాత ఒకటి పట్టుకుంటాయి. గనుల్లోని కార్మికులు ఈ కోవకు చెందినవారు. అతడికి ఉప్పు సలహా నూటికి నూరుపాళ్ళు సరైనది. నా ఇబ్బంది అంతా అతడి మందును అందరికీ పంచడంతోనే.

ఉత్త నీళ్ళ విషయంలో మాత్రం పెద్దాయన మాటలో కొంత నిజం ఉందని ఒప్పుకోవాలి. 2019లో ఆస్ట్రేలియాలోని ఎడిత్ కోవన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పదిమంది పురుషులను వేడిలో పల్లానికి పరుగెత్తించి, బరువులో రెండు శాతం తగ్గేవరకు చెమట పట్టించారు. తరువాత ఒకసారి ఉత్త నీళ్ళు, ఇంకోసారి ఓఆర్‌ఎస్ లాంటి లవణాల ద్రవం తాగించి, పిక్కను విద్యుత్తుతో ప్రేరేపించి ఎంత సులువుగా పట్టేస్తుందో చూశారు. ఉత్త నీళ్ళు తాగాక ఇంకా సులువుగా పట్టేసింది, లవణాల ద్రవం తాగాక కష్టంగా పట్టేసింది. విద్యుత్తుతో పట్టించడం, మ్యాచులో పట్టేయడం ఒకటి కావు. పదిమంది పెద్ద సంఖ్య కాదు. అయినా చెమట ధారలు కట్టాక గటగటా ఉత్త నీళ్ళు తాగడం మంచిది కాదన్నంత వరకు నేను దాన్ని తీసుకుంటున్నాను.

భయం కూడా అలసటేనా

నా వాదనకు అన్నిటికంటే ఇబ్బంది పెట్టే ఉదాహరణ 2023 జూన్‌లో జరిగిన ఫ్రెంచ్ ఓపెన్ సెమీఫైనల్. కార్లోస్ అల్కరాజ్, నోవాక్ జకోవిచ్ చెరొక సెట్టు గెలిచి, మూడో సెట్టు 1-1 దగ్గర ఉండగా అల్కరాజ్ కండరాలు పట్టేశాయి. టెన్నిస్ నిబంధనల ప్రకారం ఉత్త కండరాల పట్టుకు ఆట మధ్యలో వైద్య విరామం ఇవ్వరు. ఆటగాళ్ళు కోర్టులో అటువైపు వారు ఇటు మారే విరామం వరకు ఆగలేకపోతే పాయింట్లు వదులుకోవాలి. అతడు తరువాతి గేమును వదులుకుని చికిత్స తీసుకున్నాడు, ఆ తరువాత రెండు సెట్లనూ 1-6, 1-6తో కోల్పోయాడు. ఇదే ఆటగాడు అంతకు తొమ్మిది నెలల ముందు యు.ఎస్. ఓపెన్ క్వార్టర్ ఫైనల్లో సిన్నర్‌తో 5 గంటల 15 నిమిషాలు ఆడి గెలిచాడు. రెండు సెట్లు దాటగానే ఒళ్ళు ఎందుకు మొరాయించిందని అడిగితే, ఉద్రిక్తత వల్లేనని అతడే చెప్పాడు.

ఉప్పు పక్షంవారు ఇక్కడ నన్ను పట్టుకోవచ్చు, ఎందుకంటే కాళ్ళే కాదు, చేతులతో సహా ఒళ్ళంతా పట్టేసిందని కూడా అతడే చెప్పాడు. ఒళ్ళంతా పడితే అది లవణాల లోటుకు గుర్తు అని నేనే పైన రాశాను కదా. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు, ఒక ఊహ ఉంది. భయంగా ఆడేవాడు బంతి కొట్టే కండరంతో పాటు దానికి ఎదురుగా పనిచేసే కండరాన్ని కూడా బిగించి ఉంచుతాడు, పాయింటుకూ పాయింటుకూ మధ్య కూడా వదలడు. అలాంటప్పుడు రెండు గంటల ఆట నాలుగు గంటల అలసట తెస్తుంది, అదీ ఒక్క పిక్కకు కాకుండా పనిచేసే ప్రతి కండరానికీ. నా మ్యాచులో 16-14 దగ్గర నేను రాకెట్టును ఎంత గట్టిగా పట్టుకున్నానో, అరచేతిలో మరునాడు కనిపించిన బొబ్బ చెప్పింది.

పట్టేశాక ఏం చేయాలి, పట్టకుండా ఏం చేయాలి

పట్టేసిన క్షణంలో సాగదీత కంటే వేగంగా పనిచేసేది నాకు తెలిసి లేదు. పిక్క అయితే మోకాలు నిటారుగా ఉంచి పాదాన్ని మీ వైపుకు, తొడ వెనుక అయితే తుంటి వంచి మోకాలిని మెల్లగా నిటారుగా, తొడ ముందు అయితే మడమను పిరుదు వైపుకు తీసుకోవాలి. కుదుపులు లేకుండా లాగి, 20 నుంచి 30 సెకన్లు పట్టి ఉంచి, కండరం మెత్తబడిందనిపించాక ఇంకా కొద్దిసేపు అలాగే ఉంచాలి. పక్కన ఎవరూ లేకపోతే, మీ పాదాన్ని మీరే ముందు వైపు కండరంతో పైకి లేపడానికి ప్రయత్నించాలి. ఎదురు కండరం పనిచేస్తే పట్టేసిన కండరానికి వదులు అనే సంకేతం వెళుతుంది. వదిలాక చర్మం కింద పురుగులు పాకినట్టు చిన్న చిన్న అదురులు కనిపిస్తాయి. అవి ఉన్నంతసేపు అది మళ్ళీ పట్టేయడానికి సిద్ధంగా ఉన్నట్టే లెక్క. నేను రెండు నిమిషాలకే లేచి సర్వీసు చేసి, నాలుగో పాయింటుకు మళ్ళీ కూలబడ్డాను.

సాగదీస్తే నొప్పి వదలకపోగా ఒక్కచోట పొడిచినట్టు పెరిగితే, ముందే లోపల ఏదో తెగినట్టు అనిపించి ఉంటే, అది పట్టు కాదు, కండరం చిరుగు. అక్కడ లాగడం ఆపేయాలి.

ఊరగాయ రసం గురించి అడిగేవారు చాలామంది ఉన్నారు. దోసకాయలను ఉప్పు, వెనిగర్ నీళ్ళలో ఊరవేయగా మిగిలే ఆ ద్రవాన్ని 2010లో కెవిన్ మిల్లర్ బృందం పరీక్షించింది. కాలి బొటనవేలి కింది కండరాన్ని విద్యుత్తుతో పట్టించి, కిలో బరువుకు ఒక మిల్లీలీటరు చొప్పున తాగిస్తే, నీళ్ళు తాగినప్పటికంటే దాదాపు 49 సెకన్లు ముందుగా వదిలింది. అంత తక్కువ సమయంలో రక్తంలోని లవణాలేవీ మారలేదు. కాబట్టి పనిచేసింది అందులోని ఉప్పు కాదనీ, గొంతులో వెనిగర్ ఘాటు తగిలి నరాల ద్వారా వెన్నుపామును శాంతపరచి ఉండవచ్చనీ వారి ఊహ. ఉప్పు పక్షం ఈ రసాన్ని తమ సాక్షిగా పిలవడం నాకు ఎప్పుడూ నవ్వు తెప్పిస్తుంది, సాక్షి చెప్పేది ఎదుటివారి మాట కనుక. అరటిపండు సంగతి ఇంకా చిన్నది. చెమటలో పొటాషియం పోయేదే తక్కువ, తిన్నది రక్తంలోకి చేరేసరికి ఆట ముగుస్తుంది.

పట్టకుండా చేసే విషయంలో నేను మార్చుకున్నవి మూడే. వారం మధ్య సాధనలో అరగంట ఆడి ఇంటికి పోయి, ఆదివారం మూడు మ్యాచులు ఆడే అలవాటే అసలు దోషి అని తేల్చుకున్నాను. ఇప్పుడు సాధన చివరి పావుగంటను, కాళ్ళు బరువెక్కాక, మ్యాచు జోరుతోనే ఆడుతున్నాను. మెట్టు అంచున నిలబడి ఒంటికాలి మీద లేచి, మడమను మెట్టు కంటే కిందికి మూడు లెక్కల వరకు మెల్లగా దించే వ్యాయామం రోజు విడిచి రోజు చేస్తున్నాను. గంట దాటే ఆటలో లీటరు నీళ్ళకు అర చెంచా ఉప్పు, కొంచెం చక్కెర కలుపుకుని దాహాన్ని బట్టి తాగుతున్నాను, ఎందుకంటే చక్కెర అలసటను వాయిదా వేస్తుంది, ఉప్పు వల్ల నాకు నష్టం లేదు. రక్తపోటు, గుండె, మూత్రపిండాల ఇబ్బంది ఉన్నవారు ఈ ఉప్పు సంగతి తమ వైద్యుణ్ణి అడగకుండా చేయకూడదు. ఆటకు ముందు నిలబడి పిక్కలు సాగదీసుకోవడం మానలేదు కానీ, అది రెండు గంటల తరువాత వచ్చే పట్టును ఆపుతుందన్న నమ్మకం మాత్రం పోయింది.

ఒళ్ళంతా పట్టేసి వదలకపోతే, తలనొప్పి, వాంతులు, మాట తడబడడం తోడైతే, మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే, అది కోర్టు పక్కన తేల్చుకునే వ్యవహారం కాదు, ఆసుపత్రికి వెళ్ళాల్సిందే.

మొన్నటి టోర్నమెంటులో మూడో మ్యాచు మూడో గేములో కుడి పిక్క మీద ఆ పురుగు పాకుడు ముందుగానే తెలిసింది. నా జోడీకి చెప్పి వల దగ్గరికి జరిగాను, స్మాష్‌లు అతడికి వదిలేశాను, పాయింట్ల మధ్య మడమ నేలకు ఆనించి పిక్కను సాగదీసుకుంటూ నిలబడ్డాను. 18-21తో ఓడిపోయాం. పిక్క పట్టలేదు. పెద్దాయన ఎప్పటిలాగే ఉప్పునీళ్ళు తెచ్చి ఇచ్చారు. దాహంగా ఉంది, తాగేశాను.